లైన్ షాఫ్ట్ మీద 50 హెచ్‌పీ మోటార్: సగం కూడా లోడ్ లేనప్పుడు బిల్లులో ఏం కనిపిస్తుంది

పాత రైస్ మిల్లుల్లో తరచుగా కనిపించే ఏర్పాటు ఇది. ఒకప్పుడు మిల్లంతా ఒకే లైన్ షాఫ్ట్ మీద నడిచేది, దానికి 50 హెచ్‌పీ మోటార్ పెట్టారు. తర్వాత పాలిషర్లకు, వైట్‌నర్లకు విడిగా మోటార్లు వచ్చాయి. షాఫ్ట్‌కు ఎలివేటర్లు, జల్లెడలు మాత్రమే మిగిలాయి, మోటార్ మాత్రం అలాగే ఉండిపోయింది. చాలాకాలంగా ఇలా నడుస్తున్న ఐఈ2 ఎఫిషియెన్సీ తరగతికి చెందిన, 37 కిలోవాట్ల, 4 పోల్ మోటార్ గురించి ఈ సమీక్ష. యంత్రంగా దీన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. వేడెక్కదు, బేరింగులు నిశ్శబ్దంగా తిరుగుతాయి. ఇబ్బందంతా బిల్లు దగ్గరే.

నేమ్‌ప్లేట్ మీద 415 వోల్టులు, 65 ఆంపియర్లు, 1475 ఆర్‌పీఎం, 92.7 శాతం ఎఫిషియెన్సీ, 0.86 పవర్ ఫ్యాక్టర్ అని ఉంటుంది. క్లాంప్ మీటర్ పెడితే 28 ఆంపియర్లు చూపిస్తుంది. 65లో 28 అంటే 43 శాతం లోడ్ ఉందనుకుంటారు, పర్వాలేదులే అని వదిలేస్తారు. నిజానికి షాఫ్ట్ మీద పడుతున్నది దాదాపు 9.25 కిలోవాట్లు, అంటే పావు లోడే. బెల్టు తీసేసి ఖాళీగా తిప్పినా ఈ మోటార్ దాదాపు 23 ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంట్ పని కోసం కాదు, స్టేటర్‌కూ రోటర్‌కూ మధ్య గాలి ఖాళీలో అయస్కాంత క్షేత్రం నిలబెట్టడానికి. వోల్టేజీ మారనంతవరకు అది లోడ్‌తో తగ్గదు. లోడ్‌తో తగ్గేది పని చేసే భాగం మాత్రమే. అందుకే తేలిక లోడ్‌లో ఆంపియర్లను నమ్మి లోడ్ అంచనా వేయకూడదు.

మోటార్ లోడ్ తెలుసుకోవాలంటే పవర్ అనలైజర్ పెట్టి కిలోవాట్లు చూడడమే సరైన దారి. అది లేకపోతే టాకోమీటర్‌తో స్లిప్, అంటే సింక్రనస్ వేగం కంటే మోటార్ ఎంత వెనకబడిందో చూడొచ్చు. 1500కు 1475 అంటే నిండు లోడ్‌లో స్లిప్ 25. మీటర్ 1494 చూపిస్తే స్లిప్ 6, అంటే దాదాపు పావు లోడ్. ఇందులో ఒక ఇరకాటం ఉంది. ఆ సమయంలో ఫ్రీక్వెన్సీ 50 కాకుండా 49.95 ఉంటే సింక్రనస్ వేగం 1498.5 అవుతుంది, స్లిప్ 4.5కు పడిపోతుంది. లెక్క నాలుగో వంతు తప్పుతుంది. అదే నిమిషంలో ఫ్రీక్వెన్సీ చదవకపోతే ఈ పద్ధతి దండగ.

పావు లోడ్‌లో లెక్క ఇలా వస్తుంది. షాఫ్ట్‌కు 9.25 కిలోవాట్లు ఇవ్వడానికి మోటార్ 10.6 తీసుకుంటుంది. కోర్ నష్టం, ఫ్యాన్, బేరింగుల రాపిడి కలిపి సుమారు 1.1 కిలోవాట్లు. ఇది నిండు లోడ్‌లో ఎంతో ఇప్పుడూ అంతే. కాపర్ నష్టం మాత్రం బాగా తగ్గి పావు కిలోవాట్ దగ్గర ఆగుతుంది. మొత్తంగా ఎఫిషియెన్సీ 87 శాతం. అయస్కాంత క్షేత్రం కోసం లాగే రియాక్టివ్ భాగం 17 కేవీఏఆర్, రెండూ కలిసి సరఫరా మీద పడే భారం 20 కేవీఏ. 10.6ను 20తో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.53. ఈ రెండు పతనాలూ సమానం కావు. ఎఫిషియెన్సీ సగం లోడ్ దాకా దాదాపు నిలబడుతుంది, 40 శాతం కిందకు దిగాక జారుతుంది. పవర్ ఫ్యాక్టర్ అంతకు ముందు నుంచే పడుతూ వస్తుంది. పెద్ద మోటార్ తీసేస్తే కరెంటు సగం ఆదా అవుతుందని అమ్మేవాళ్లు చెబుతుంటారు, అది నమ్మక్కర్లేదు. ఇక్కడ దండగయ్యే అసలు కిలోవాట్లు అర కంటే కాస్త ఎక్కువ, అంతే.

మరి బిల్లు ఎందుకు పెరుగుతుంది? తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో హెచ్‌టీ పరిశ్రమల ఎనర్జీ ఛార్జీని కిలోవాట్ అవర్ల మీద కాకుండా రియాక్టివ్ భాగం కూడా కలిసే కేవీఏహెచ్ మీద, డిమాండ్ ఛార్జీని కేవీఏ మీద వేస్తారు. 2022-23 తెలంగాణ టారిఫ్‌లో 11 కేవీ పరిశ్రమకు కేవీఏహెచ్‌కు రూ. 7.65, కేవీఏకు నెలకు రూ. 475. మీ లెక్కకు ఇప్పటి టారిఫ్ ఆర్డర్‌లోని రేట్లు వేసుకోండి.

మిల్లులో మిగతా లోడ్ 100 కిలోవాట్లు, దాని పవర్ ఫ్యాక్టర్ 0.95 అనుకుందాం. అది ఒక్కటే అయితే 105.3 కేవీఏ. మన మోటార్ కలిస్తే మీటర్ దగ్గర 121.3 అవుతుంది. 10.6 కిలోవాట్ల పనికి మీటర్ మీద 16 కేవీఏ పెరిగిందన్నమాట. రియాక్టివ్ భాగాన్ని అక్కడికక్కడే అందించే 12.5 కేవీఏఆర్ కెపాసిటర్ మోటార్ దగ్గర పెడితే 116.7కు దిగుతుంది. నెలకు 500 గంటలు నడిస్తే దాదాపు 2,290 కేవీఏహెచ్, అంటే పై రేటు ప్రకారం సుమారు రూ. 17,500 తగ్గుతుంది. కెపాసిటర్ ఖర్చు దీని ముందు లెక్కలోకి రాదు. మెయిన్ ప్యానెల్‌లో పవర్ ఫ్యాక్టర్‌ను తనంతట తానే సరిదిద్దే ఏపీఎఫ్‌సీ ఉండి ఇప్పటికే 0.99 నిలబెడుతుంటే మాత్రం ఈ ఆదాలో చాలా భాగం మీకు ముందే వచ్చేసింది. రెండోసారి రాదు.

డిమాండ్ ఛార్జీ దగ్గర ఆశ తగ్గించుకోవాలి. కాంట్రాక్ట్ డిమాండ్ 150 కేవీఏ అయితే 80 శాతం, అంటే 120కి ఎలాగూ బిల్లు వస్తుంది. 121.3 నుంచి 116.7కు దిగినా మిగిలేది 1.3 కేవీఏ ఛార్జీనే, నెలకు ఆరు వందల పైచిలుకు. డిస్కమ్‌కు దరఖాస్తు పెట్టి కాంట్రాక్ట్ డిమాండ్ తగ్గించుకుంటేనే మిగతాది చేతికొస్తుంది.

15 కేవీఏఆర్ కాకుండా 12.5 ఎందుకంటే, నేరుగా మోటార్ టెర్మినళ్లకు కట్టే కెపాసిటర్ నో-లోడ్ కేవీఏఆర్‌లో 90 శాతం దాటకూడదు. ఇక్కడ నో-లోడ్ 16.5, అందులో 90 శాతమంటే 14.8. దాటితే సరఫరా పోయాక కూడా తిరుగుతున్న మోటార్ జనరేటర్‌లా మారి టెర్మినళ్ల మీద ఎక్కువ వోల్టేజీ పుట్టిస్తుంది. స్టార్-డెల్టా స్టార్టర్ ఉంటే కెపాసిటర్‌ను డెల్టాలోకి వెళ్లాక కలిసేలా విడి కాంటాక్టర్‌తో పెట్టాలి. మోటార్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ ఉంటే దాని అవుట్‌పుట్ వైపు అసలు పెట్టకూడదు. కెపాసిటర్‌ను ఓవర్‌లోడ్ రిలేకు మోటార్ వైపు కలిపితే రిలేకు తక్కువ కరెంట్ కనిపిస్తుంది కాబట్టి సెట్టింగ్ తగ్గించాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

కెపాసిటర్ మోటార్ లోపలి నష్టాన్ని తగ్గించదు, తనకు ముందున్న కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్ భారాన్నే తగ్గిస్తుంది. మోటార్‌ను మార్చితే రెండూ తగ్గుతాయి. 9.25 కిలోవాట్లకు 15 హెచ్‌పీ సరిపోవాలి. కానీ ఎలివేటర్లలో ధాన్యం నిండి ఉండగా బరువైన లైన్ షాఫ్ట్‌ను కదపాలి కాబట్టి 20 హెచ్‌పీ, ఐఈ3 మేలు. అది 10.05 కిలోవాట్లు తీసుకుంటుంది, పవర్ ఫ్యాక్టర్ 0.76 దగ్గర ఉంటుంది. దానికి 5 కేవీఏఆర్ కలిపితే మీటర్ దగ్గర 115.9 కేవీఏ. కెపాసిటర్ ఒక్కదానితో పోలిస్తే అదనంగా తగ్గింది 0.8 కేవీఏనే. అంత కోసం బాగున్న మోటార్‌ను తీసేయమని చెప్పలేం. కాలిపోయిన రోజున మాత్రం మళ్లీ 50 హెచ్‌పీ వైండింగ్ చేయించొద్దు.

పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. లోడ్ ఎప్పుడూ 30 శాతం దాటదని ఖాయమైతే మోటార్‌ను స్టార్‌లోనే నడపొచ్చు. కాయిల్‌కు 240 వోల్టులే అందుతాయి కాబట్టి అయస్కాంత కరెంట్ మూడో వంతుకు పడిపోతుంది, పవర్ ఫ్యాక్టర్ 0.8 దాటుతుంది. టార్క్ కూడా మూడో వంతే. ఎలివేటర్ బూట్‌లో ధాన్యం ఇరుక్కుంటే మోటార్ ఆగిపోతుంది, రిలే సరిగ్గా లేకపోతే కాలిపోతుంది. ఇలా నడిపేవారు రిలేను స్టార్ కరెంట్‌కు సెట్ చేసుకోవాలి, స్టార్ కాంటాక్టర్ రోజంతా మోయగల సైజులో ఉందో చూసుకోవాలి.

ఇక వోల్టేజీ. రాత్రి సరఫరా 440 దాటితే కోర్ సంతృప్తమై అయస్కాంత కరెంట్ వోల్టేజీ కంటే వేగంగా పెరుగుతుంది, తేలిక లోడ్ మోటార్ పవర్ ఫ్యాక్టర్ ఇంకా కిందకు పోతుంది. కెపాసిటర్ పెట్టినా పగలు ఒకలా, రాత్రి ఒకలా రీడింగ్ వస్తుంటే ముందు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ చూడండి.