డాబా మీద రేకుల షెడ్డు, ఏడేళ్ల తర్వాత: రేకులకు మార్కులు, బోల్టులకు సున్నా

విశాఖలో, సముద్రానికి మూడు కిలోమీటర్ల లోపలే ఉన్న ఇల్లు. డాబా మీద 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు షెడ్డు. ఇనప స్తంభాలు ఎనిమిది, వాటి మీద రేకును మోసే అడ్డ ఇనుములు, అంటే పర్లిన్లు, పైన అర మిల్లీమీటరు కలర్ కోటెడ్ రేకు. ఏ కంపెనీ రేకు కొనాలన్నది ఇక్కడ రాయడం లేదు. దాని గురించి ఇప్పటికే అందరూ చెబుతున్నారు. ఎవరూ చెప్పనిది స్తంభం అడుగున ఉండే ప్లేటు సంగతి. ఈ షెడ్డు మీద ఏదైనా కోపం ఉందంటే అక్కడే ఉంది.

మూడో వేసవిలో, సాయంత్రం వచ్చిన ఒక ఈదురుగాలికి ఎనిమిదిలో రెండు స్తంభాలు అర అంగుళం పైకి లేచాయి. తుపాను కాదు, ఏటా వచ్చే గాలివానే. రేకు చిరగలేదు, ఒక్క స్క్రూ కూడా ఊడలేదు. నాలుగేసి బోల్టులతో సహా ప్లేటే నేలను పెకలించుకుని లేచింది. లాగి చూస్తే బోల్టు చుట్టూ అంటుకుని వచ్చింది కాంక్రీటు కాదు, సున్నంలో ఇటుక పొడి కలిపి వేసే ఎర్రటి సుర్కి.

నాలుగు అంగుళాల యాంకర్ బోల్టు వేశారు. ప్లేటు మందం, వాషరు, నట్టు కలిసి అంగుళం తింటాయి. నేలలోకి దిగేది మూడు అంగుళాలు. కానీ స్లాబు మీద నీటి వాలు కోసం వేసిన సుర్కి పొర అన్నిచోట్లా ఒకే మందం ఉండదు. నీళ్లు దిగే గొట్టం దగ్గర అంగుళంన్నర ఉంటే, దూరపు మూలన మూడున్నర ఉంది. అంటే ఆ మూల బోల్టు అసలు స్లాబును తాకనేలేదు. యాంకర్ బోల్టు విచ్చుకుని పట్టుకునేది అడుగు భాగంలోనే, అక్కడ మెత్తటి సుర్కి ఉంటే పట్టు ఎక్కడిది? లేచిన రెండు స్తంభాలూ గొట్టానికి దూరంగా ఉన్నవే. మిగిలినవి నిలబడ్డాయి గానీ, వాటి బోల్టులకు దొరికిన స్లాబు కూడా మహా అయితే అంగుళంన్నరే.

డ్రిల్లు పెట్టిన రోజే ఇది తెలుసుకోవచ్చు. పైకి వచ్చే పొడి రంగు చూస్తే చాలు. సుర్కి పొడి ఎర్రగానో సున్నం తెలుపుగానో ఉంటుంది, కాంక్రీటు పొడి బూడిద రంగు. బూడిద రంగు మొదలైన చోటి నుంచి లోతు కొలవాలి, పైనుంచి కాదు. పనివాళ్లు మాత్రం బిట్టుకు టేపు చుట్టి, టేపు దాకా దింపి లేచిపోతారు.

రేకుల షెడ్డు అంటే అందరికీ బరువు గురించే భయం, స్లాబు మోస్తుందా అని. బరువు చిన్న విషయం. రేకూ ఇనుమూ కలిపితే చదరపు మీటరుకు సుమారు 15 కిలోలు. గాలి పైకి లాగేది అంతకు ఎన్నో రెట్లు. గాలి ఒత్తిడికి ఇంజనీర్లు వాడే లెక్క p = 0.6 V². వేగం సెకనుకు మీటర్లలో, ఒత్తిడి చదరపు మీటరుకు న్యూటన్లలో. గంటకు 100 కిలోమీటర్ల గాలికి ఇది చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువుతో సమానం. ఒక మధ్య స్తంభం వంతుకు వచ్చే కప్పు 9 చదరపు మీటర్లు. ఆ ఒత్తిడంతా పైకి లాగుతుందనుకుంటే 425 కిలోలు, అందులో సొంత బరువు 135 తీసేస్తే దాదాపు 290 కిలోలు ఆ ఒక్క ప్లేటు మీద. గాలుల కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అదే లెక్కన ప్లేటుకు 1,200 కిలోల పైచిలుకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకు ఈ అంకె కాగితం లెక్కలా అనిపించదు. హైదరాబాదుకు అదే కోడ్‌లో 44 మీటర్లు, అక్కడా తీసిపారేసే అంకె కాదు.

మా తప్పు ఇంకొకటి ఉంది. పడమటి ఎండ పడుతోందని ఆ వైపు నిలువునా రేకు కొట్టించాం. నాలుగు వైపులా తెరిచి ఉంటే గాలి కింద నుంచి దాటిపోతుంది. ఒక వైపు మూస్తే, ఎదుటి నుంచి వచ్చిన గాలి ఆ రేకుకు తగిలి ఆగిపోయి కప్పును కింద నుంచి తోస్తుంది. పైన వెళ్లే గాలి ఎటూ లాగుతూనే ఉంటుంది. ఆ రోజు గాలి తూర్పు నుంచి వచ్చింది. ఇప్పుడా రేకు తీసేసి షేడ్ నెట్ కట్టాం, తుపాను హెచ్చరిక వస్తే విప్పేస్తాం.

మరమ్మతు ఇలా జరిగింది. ఒకేసారి ఒక్క స్తంభం. పక్కన జాకీలు పెట్టి కప్పును నిలబెట్టి, ప్లేటు తీసి, అక్కడ 15 అంగుళాల చదరంలో సుర్కి మొత్తం స్లాబు కనిపించే దాకా కొట్టేశారు. నాలుగు స్తంభాలు ఇంటి పిల్లర్ల మీద పడ్డాయి. పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ కడ్డీలు అక్కడ ఉన్నాయి. వాటి తుప్పు గీకి, రింగులు కట్టి, చుట్టూ అడుగు చదరం కాంక్రీటు దిమ్మె పోశారు. ప్లేటును ఆ కడ్డీలకే వెల్డింగు చేద్దామని వెల్డరు అన్నాడు, వద్దన్నాం. టీఎంటీ కడ్డీ బలం దాని పైపొరలో ఉంటుంది, వెల్డింగు వేడికి అదే దెబ్బతింటుంది. మిగతా నాలుగూ బీముల మీద. అక్కడ కడ్డీలు లేవు కాబట్టి బీములోకి ఐదు అంగుళాల రంధ్రాలు వేసి, 12 మిల్లీమీటర్ల కడ్డీలు దిమ్మెకు నాలుగు చొప్పున కెమికల్ జిగురుతో బిగించారు. రంధ్రంలో దుమ్ము బ్రష్షుతో గీకి, ఊది, మళ్లీ గీకాలి. దుమ్ము మిగిలితే కెమికల్ దుమ్మును పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు.

దిమ్మెలో కిందకి కొక్కెం తిప్పిన 16 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు ముందే నిలబెట్టి కాంక్రీటు పోశారు. దిమ్మె నేల మీదికి తొమ్మిది అంగుళాలు లేచింది, స్తంభాలను అంత మేర కోశారు. వారం రోజులు తడిపాక ప్లేటు బిగించారు. ఇంకో లాభం, ప్లేటు చుట్టూ ఇక నీళ్లు నిలవవు. అంతకుముందు బోల్టు రంధ్రాల వెంట దిగిన నీళ్లతో కింది గదిలో రెండు చోట్ల చెమ్మ మరకలుండేవి. దిమ్మె, నేల కలిసే చోట సిమెంటు వంపుగా పూసి, సుర్కి అతుకు మీద వాటర్‌ప్రూఫింగ్ వేస్తే ఆగిపోయాయి. పాత బోల్టులనే ఇంకాస్త పొడవువి తెచ్చి మారిస్తే సరిపోయేదేమో అన్నవాళ్లున్నారు. స్లాబు మందం ఐదు అంగుళాలే, దాన్ని లోతుగా తొలిస్తే కింది వైపు పెచ్చు ఊడుతుంది. పిట్టగోడ మీద స్తంభం పెట్టేయమన్న సలహా అయితే తలుచుకుంటేనే భయం.

మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ కింది గది చల్లబడిందని చెప్పాను. మధ్యాహ్నం మాట నిజమే, మిద్దె ఎండలో కాలడం లేదు. రాత్రుళ్లకు మాత్రం ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. నీడలో ఉన్న స్లాబు ఆకాశం వైపు వేడి వదలలేదు కదా. షెడ్డు ఎత్తు తక్కువ వైపు ఎనిమిదిన్నర అడుగులే, అక్కడ ఏప్రిల్ మధ్యాహ్నం రేకు సెగ తలకు తగులుతుంది. వాన చప్పుడుకు కింది గదిలో ఫోను మాట వినపడదు. చల్లదనం ఒక్కటే కావాలంటే ముందు మిద్దెకు తెల్ల రంగు వేసి ఒక వేసవి చూడండి. బట్టలు, వడియాలు, వానలో నడక కూడా కావాలంటే షెడ్డే మేలు.

దిమ్మెలు కట్టాక నాలుగేళ్లలో ఏ ప్లేటూ కదలలేదు. 180 కిలోమీటర్ల గాలి మాత్రం ఇంకా దీని మీదికి రాలేదు, అందుకే మార్కులు పూర్తిగా వేయడం లేదు. సముద్రం వైపు చూరు స్క్రూల తలలు తుప్పు పట్టాయి, వాటి కింది రబ్బరు వాషర్లు పగిలాయి. ఈ దసరాకు ఆ వరుసంతా మార్పించాలి.