బిల్డర్‌కు నోటీసు రాయించుకునే ఫ్లాట్ కొనుగోలుదారులు జాగ్రత్త: రద్దయిన సెక్షన్లు, వర్తించని జీవో అంటగట్టారు

విజయవాడలో మా బావగారు 2021లో ఒక ఫ్లాట్‌కు అగ్రిమెంటు చేసుకున్నారు. 2023 చివరికి ఇస్తామన్న ఇల్లు ఇవ్వలేదు. ఆ తర్వాత ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండానే తాళాలు తీసుకోమని బిల్డర్ ఒత్తిడి మొదలుపెట్టాడు. "నోటీసులు, ఫిర్యాదులు పక్కాగా రాసి ఇస్తాం" అని బోర్డు పెట్టుకున్న ఒక డ్రాఫ్టింగ్ ఆఫీసులో మూడున్నర వేలు కట్టి లెటర్ రాయించుకున్నారు. పేరు చెప్పను, ఇలాంటివి ఊరికి పది ఉన్నాయి. లెటర్ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. రెండు పేజీల నిండా సెక్షన్లు, జీవోలు. బిల్డర్ తరఫు లాయర్ జవాబు మాత్రం ఒక్క పేజీ. ఇల్లెప్పుడిస్తారన్న మాటే అందులో లేదు. "మీరు చెప్పిన చట్టం రద్దయింది, మీరు చెప్పిన జీవో ఈ ప్రాజెక్టుకు వర్తించదు" అని పక్కదారి పట్టించారు. చిరాకైన సంగతేంటంటే, ఆ రెండు మాటలూ నిజమే.

మొదటి తప్పు: "వినియోగదారుల రక్షణ చట్టం 1986, సెక్షన్ 12 కింద ఫిర్యాదు చేస్తాం" అని రాశారు. ఆ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది, అందులో చాలా భాగం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేసే విధానం ఇప్పుడు సెక్షన్ 35లో ఉంటుంది. ఫిర్యాదు చేయడానికి ఉన్న రెండేళ్ల గడువు సంగతి పాత చట్టంలో 24ఎ, కొత్తదాంట్లో 69. పాత ఫైలు తెరిచి పేర్లు మార్చి ఇచ్చేవాళ్లకు ఈ తేడా పట్టదు.

రెండోది ఇంకా విచిత్రం. "మోసం, బీఎన్ఎస్ 318(4)" అని బెదిరించారు. కొత్త నంబరు వేశాం కాబట్టి సరైనదే అనుకున్నారేమో. బీఎన్ఎస్, అంటే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. 2021లో డబ్బు తీసుకున్నప్పుడే మోసం చేశారన్నది ఆరోపణ అయితే, దానికి వర్తించేది అప్పటి ఐపీసీ 420. అంటే పాత సెక్షన్ రాసినా తప్పు కావచ్చు, కొత్తది రాసినా తప్పు కావచ్చు. నేరం ఏ రోజున జరిగిందో చూసుకోకుండా నంబరు వేయకూడదు. అసలు ఇల్లు ఆలస్యమైందని రాసే మొదటి లెటర్లో ఆ బెదిరింపు అక్కర్లేదనే నా అభిప్రాయం.

మూడోది జీవో. "జీవో 168, తేదీ 4 జూలై 2012 ప్రకారం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తప్పనిసరి" అని ఉంది. ఆ జీవో అసలు తేదీ 07-04-2012. మన పద్ధతిలో అది ఏప్రిల్ 7. రోజును, నెలను తారుమారు చేసేశారు. అందుకే లెటర్లో నెలను అక్షరాల్లో రాయాలి, అప్పుడు ఈ గొడవే ఉండదు. తేదీ సరిచేసినా ఆ జీవో ఇక్కడ పనికిరాదు. అది ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన భవన నిర్మాణ నియమాలు. ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో 2017లో సొంత నియమాలు తెచ్చుకుంది: జీవో ఎంఎస్ నంబర్ 119, పురపాలక శాఖ, తేదీ 2017 మార్చి 28. బావగారి ఫ్లాట్ ప్లాన్‌కు అనుమతి వచ్చింది ఆ తర్వాతే. హైదరాబాద్ ఫ్లాట్‌కు రాసిన నోటీసును విజయవాడకు అతికించి ఉంటారని నా అనుమానం.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. జీవో నంబరు ఒక్కటే ఏమీ చెప్పదు. ప్రతి శాఖలోనూ ఏటా నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. జీవోల్లో ఎంఎస్, ఆర్టీ అని రకాలుంటాయి, వాటి నంబర్లు దేనివి దానికే. కాబట్టి "జీవో 168" అంటే ఏ శాఖదో, ఏ ఏడాదిదో ఎవరికి తెలుస్తుంది? ఎంఎస్సా ఆర్టీయా, నంబరు, శాఖ, తేదీ, ఈ నాలుగూ ఉంటేనే ఎదుటివాడు తీసి చూడగలడు. సర్క్యులర్, మెమో అయితే ఏ ఆఫీసు ఇచ్చింది, ఫైలు నంబరు, తేదీ రాయాలి.

జీవో కాపీ చేతిలో ఉన్నా పొరపాటు జరిగే చోటు ఇంకొకటుంది. మొదటి పేజీలో పైన అబ్‌స్ట్రాక్ట్, శాఖ పేరు, ఆ కింద జీవో నంబరు, తేదీ ఉంటాయి. దాని కిందే "రెడ్ ద ఫాలోయింగ్" అని పాత జీవోల, లెటర్ల జాబితా ఉంటుంది. తొందరలో చూసేవాళ్లు ఆ జాబితాలోని నంబరునో, తేదీనో ఎక్కించేస్తారు. "ఆర్డర్" అన్న మాటకు పైన, జాబితా కంటే ముందు ఉన్న నంబరే మనకు కావలసింది.

సరిచూడటం కష్టమేం కాదు. చట్టాల సెక్షన్లకు indiacode.nic.in ఉంది. జీవోలకు తెలంగాణలో goir.telangana.gov.in, ఆంధ్రలో goir.ap.gov.in చూడొచ్చు. శాఖ, రకం, నంబరు, తేదీ ఇచ్చి వెతకాలి. ఆంధ్రలో 2021 ఆగస్టులో జీవోలు అక్కడ పెట్టడం ఆపేసి 2024లో మళ్లీ మొదలుపెట్టారు. కాబట్టి మధ్యకాలంలోది సైట్లో కనబడకపోతే అది లేదని అనుకోకండి. సంబంధిత శాఖ పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద దరఖాస్తు పెట్టి ధ్రువీకరించిన కాపీ అడగొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

అంతవరకూ లెటర్ ఆపాల్సిన పనిలేదు. నంబరు ఖాయం కాకపోతే నంబరు లేకుండానే రాయండి. "మా ప్లాన్‌కు అనుమతి ఇచ్చిన నాటికి అమల్లో ఉన్న భవన నిర్మాణ నియమాల ప్రకారం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకోకుండా మాకు స్వాధీనం చేయడం కుదరదు" అంటే ఎవరూ తప్పు పట్టలేరు. "జీవో 168 లేదా 119" అని రెండూ వేయడం మాత్రం వద్దు. మనకే తెలియదని చాటుకున్నట్టవుతుంది.

లెటర్ ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే కంగారు పడకండి. సెక్షన్ తప్పు రాసినంత మాత్రాన హక్కు పోదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. పోయేది సమయం. మేము రిజిస్టర్డ్ పోస్టులో ఒక సవరణ పంపాం: "మా పాత లేఖ 3వ పేరాలో జీవో 168 అని ఉన్నచోట జీవో ఎంఎస్ నంబర్ 119, పురపాలక శాఖ, తేదీ 28 మార్చి 2017 అని చదువుకోవలసింది. మిగతా కోరికల్లో మార్పు లేదు." దానితోపాటు ఆ డ్రాఫ్టింగ్ ఆఫీసు అసలు ముట్టుకోనే ముట్టుకోని సంగతి చేర్చాం. రెరా చట్టం 2016, సెక్షన్ 18(1). చెప్పిన తేదీకి ఇల్లివ్వకపోతే కొన్నవాడు తప్పుకుని వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు, ఉంటానంటే స్వాధీనం చేసేదాకా ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగొచ్చు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చే బాధ్యత ప్రమోటర్‌దే, అంటే బిల్డర్‌దేనని అదే చట్టం 11(4)(బి) చెబుతుంది. ఈ సెక్షన్లు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే, రెరా నియమాలు మాత్రం ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. వడ్డీ రేటు ఉండేది ఆ నియమాల్లో, కాబట్టి నియమం నంబరు పక్క రాష్ట్రం లెటర్లోంచి ఎత్తి రాయకండి.

డబ్బులు వాపసు అడిగితే ఆ ఆఫీసువాళ్లు "డ్రాఫ్టుకు తీసుకున్నాం, రిజల్టుకు కాదు" అన్నారు. మీరు ఎక్కడ రాయించుకున్నా, లెటర్లో పెట్టిన ప్రతి జీవో మొదటి పేజీ, ప్రతి సెక్షన్ పూర్తి పాఠం ప్రింటు చేతికిచ్చాకే డబ్బు కట్టండి. "అవన్నీ మాకు కంఠతా వచ్చండీ" అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.