ఏడేళ్లు సాఫీగా నడిచిన ఆటో డెబిట్, 196 రూపాయల దగ్గర ఆగిపోయింది

ఆటో డెబిట్ పెట్టుకోమని బంధువుల్లో కనీసం నలుగురికి చెప్పినవాణ్ని నేను. మా బావమరిదికైతే దగ్గర కూర్చుని మరీ పెట్టించాను. 2017లో తీసుకున్న 75 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీకి మూడు నెలలకోసారి 8,260 రూపాయలు, అంటే 7,000 ప్రీమియం, 1,260 జీఎస్టీ, నా పొదుపు ఖాతా నుంచి వాటంతట అవే వెళ్లిపోయేవి. తేదీ గుర్తు పెట్టుకునే పని లేదు, ఏజెంటు ఫోను లేదు. ఆ సుఖాన్ని ఇప్పుడు కూడా కాదనను. కానీ అది ఆగిపోయినప్పుడు కూడా అంతే నిశ్శబ్దంగా ఉంటుందన్న సంగతి మాత్రం అప్పట్లో ఎవరికీ చెప్పలేదు, నాకే తెలియదు కనుక.

2024 జూన్ 5న వాయిదా కట్టాలి. ఉద్యోగం మారాక జీతం వేరే బ్యాంకులో పడుతోంది. పాత ఖాతాలోకి నెలనెలా కొంత పంపుతూ లెక్కగా 8,300 ఉంచాను. జూన్ 4న బ్యాంకు డెబిట్ కార్డు ఏడాది రుసుము 200, దాని మీద జీఎస్టీ 36, మొత్తం 236 తీసుకుంది. మిగిలింది 8,064. మర్నాడు ప్రీమియానికి 196 రూపాయలు తక్కువైంది. ఉన్నంత మేరకు తీసుకోవడం ఆటో డెబిట్‌లో ఉండదు. మొత్తం వస్తే వచ్చినట్టు, లేదంటే లేదు. వెనక్కి పంపినందుకు బ్యాంకు 295 రూపాయలు రిటర్న్ ఛార్జీ వేసింది. వారం తర్వాత బీమా సంస్థ మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ తిరిగొచ్చింది, మళ్లీ 295. తక్కువైన సొమ్ముకు మూడు రెట్లు జరిమానా కట్టి కూడా ప్రీమియం కట్టని వాడినే అయ్యాను.

మెసేజ్‌లు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చాయి. చెల్లింపు విజయవంతం కాలేదని ఒకటి, గడువు దగ్గర పడిందని మరొకటి. అదే సంస్థ పేరుతో వారానికి నాలుగు కొత్త పథకాల ప్రకటనలు కూడా వస్తాయి కనుక అన్నిటినీ ఒకే గాటన కట్టి వదిలేశాను.

వాయిదా తేదీ దాటాక కూడా కట్టడానికి ఇచ్చే గడువు, గ్రేస్ పీరియడ్, సంగతి ఇక్కడ చెప్పాలి. నెలవారీ కట్టేవారికి 15 రోజులు, మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాదికోసారి కట్టేవారికి 30 రోజులు. ఆ రోజులు కట్టాల్సిన తేదీ నుంచి లెక్క, డబ్బు తిరిగొచ్చిన తేదీ నుంచి కాదు. రెండో ప్రయత్నం కూడా పోయేసరికే నా నెలలో వారం గడిచిపోయింది. ఈ 30 రోజుల్లో రక్షణ పూర్తిగా ఉంటుంది. పాలసీదారు ఆ మధ్యలో చనిపోతే బాకీ ఉన్న ప్రీమియం మినహాయించుకుని క్లెయిము ఇస్తారు. జూలై 5 దాటగానే అదంతా పోయింది. పొదుపు కలిసిన పాలసీ అయితే కొన్నేళ్లు కట్టాక పెయిడప్ విలువ అంటూ ఎంతో కొంత నిలుస్తుంది. టర్మ్ పాలసీలో అలా నిలిచేదేమీ లేదు, అంతవరకూ కట్టిన ఏడేళ్లూ గడిచిన రోజుల రక్షణకే సరి.

అసలు కోపం దీని తర్వాతి దాని మీద. పాలసీ ల్యాప్స్ అయ్యాక బీమా సంస్థ బ్యాంకుకు డెబిట్ పంపడమే మానేసింది. సెప్టెంబరులో పంపలేదు, డిసెంబరులో పంపలేదు. పంపలేదు కనుక తిరిగి రాలేదు, తిరిగి రాలేదు కనుక జరిమానా లేదు, మెసేజూ లేదు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు కూడా నా ఫోను అలాగే ఉండేది.

2025 జనవరిలో ఆఫీసులో పన్ను కోసం పొదుపు పత్రాలు అడిగారు. నేను పాత పన్ను విధానంలోనే ఉన్నాను. ప్రీమియం చెల్లింపు ధ్రువపత్రం డౌన్‌లోడ్ చేస్తే ఆ ఆర్థిక సంవత్సరానికి సున్నా అని వచ్చింది. వెబ్‌సైటు తప్పనుకుని మళ్లీ తీశాను. మళ్లీ సున్నా. పాలసీ స్థితి దగ్గర ఎర్ర అక్షరాల్లో Lapsed. పక్క గదిలో మా ఆవిడ పిల్లవాడి చేత ఎక్కాలు చెప్పిస్తోంది. ఆ సాయంత్రం ఆమెకు చెప్పలేదు, మర్నాడు చెప్పాను.

పునరుద్ధరణకు సమయం చాలానే ఉంటుంది: కట్టని మొదటి వాయిదా తేదీ నుంచి ఐదేళ్లు, మార్కెట్‌తో ముడిపడిన యూలిప్‌లకైతే మూడేళ్లు. ఖర్చు కూడా నేను భయపడినంత లేదు. జనవరి 20న శాఖలో ఇచ్చిన లెక్క ఇది. మూడు వాయిదాల బాకీ 24,780. ఆలస్యానికి మా పాలసీలో వడ్డీ ఏడాదికి 9 శాతం, పన్ను కలపని ప్రీమియం మీద. జూన్ వాయిదాకు ఏడున్నర నెలలు, సెప్టెంబరుది నాలుగున్నర, డిసెంబరుది నెలన్నర, కలిపితే పదమూడున్నర నెలలు. నెలకు 52 రూపాయల 50 పైసల చొప్పున 709. ఆ వడ్డీ మీద జీఎస్టీ 128. మొత్తం 25,617. వడ్డీ రేటు సంస్థను బట్టి మారుతుంది కనుక ఈ అంకెను మీ పాలసీకి అన్వయించుకోకండి.

డబ్బు కట్టగానే రక్షణ తిరిగి వచ్చేస్తుందనుకున్నాను. కౌంటరులో ఉన్న అమ్మాయి రసీదు ఇస్తూ, ‘ఇది డిపాజిట్ మాత్రమే సార్, అనుమతి వచ్చాకే పాలసీ అమల్లోకి వస్తుంది’ అంది. ఆరోగ్య ప్రకటన పత్రం నింపాలి. ఆరు నెలలు దాటింది కనుక వైద్య పరీక్షలు కూడా అడిగారు, రక్తం, మూత్రం, ఈసీజీ. ఖర్చు నాదే, 2,300. 2017లో నా చక్కెర మామూలుగా ఉండేది. ఇప్పుడు మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చింది. మధుమేహం కాదు గానీ దాని గుమ్మం దగ్గర ఉన్నట్టు. ఒక ప్రశ్నావళి పంపారు. అదనపు ప్రీమియం వేయవచ్చు, అసలు నిరాకరించనూ వచ్చు. పద్దెనిమిది రోజులకు, ఫిబ్రవరి 7న, పాత రేటుకే ఒప్పుకున్నారు. అంతా లెక్కవేస్తే ఏడు నెలలకు పైగా నా కుటుంబానికి ఈ పాలసీ లేదు, ఉందనుకుంటూ ఆ మధ్యలో రెండుసార్లు రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్లొచ్చాను.

రసీదులో కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది. బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండిన పాలసీని, దరఖాస్తులో ఏదో దాచారన్న కారణం చూపి కూడా ప్రశ్నించడానికి వీల్లేదు. నా పాలసీ ఆ గీత ఎప్పుడో దాటేసింది. అయితే పునరుద్ధరిస్తే ఆ మూడేళ్ల లెక్క పునరుద్ధరణ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. అందుకే ఆరోగ్య ప్రకటనలో నా చక్కెర సంగతి, ఎప్పుడో వాడిన గ్యాస్ మాత్రల సంగతి కూడా పూసగుచ్చినట్టు రాశాను.

ఆటో డెబిట్ తీసేశానా అంటే, లేదు. జీతం పడే ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి కొత్త అనుమతి, అంటే మాండేట్, ఇచ్చాను. అది నమోదయ్యేలోగా మార్చి వాయిదా వచ్చేసింది, చేత్తోనే కట్టాను. మాండేట్ గరిష్ఠ పరిమితి 10,000 పెట్టాను. అది పై హద్దు మాత్రమే కనుక 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాకు జీఎస్టీ తీసేసి వాయిదా 7,000కు తగ్గినా ఏమీ మార్చాల్సిన పని పడలేదు. కట్టాల్సిన తేదీ తర్వాత పదో రోజున పాలసీ ఖాతాలోకి వెళ్లి రసీదు ఉందో లేదో చూస్తున్నాను. బ్యాంకు మెసేజును నమ్మడం లేదు.

ఒకే ఖాతాలో జీతం పడుతూ, అందులో ఎప్పుడూ రెండు మూడు వాయిదాల సొమ్ము నిలిచి ఉండేవారికి దీనికి మించిన సౌకర్యం లేదనే ఇప్పటికీ అంటాను. నాలాగా పాత ఖాతాలో లెక్క సరిపోయేంతే ఉంచేవారికి, అందులోనూ 15 రోజులే గడువుండే నెలవారీ వాయిదా వారికి, అంత ధైర్యంగా చెప్పలేను. మా బావమరిదికి ఫోను చేసి అతని ఖాతా చూసుకోమన్నాను. ‘నువ్వే కదా బావా, పెట్టి మరిచిపోమన్నావు’ అన్నాడు.