10 లక్షలు కడితే 30 లక్షలు వస్తాయన్న పెన్షన్ పాలసీ: సంతకం పెట్టే ముందు ఈ లెక్క చూడండి

డిఫర్డ్ యాన్యుటీ, అంటే కొన్నేళ్లు కట్టి, కొన్నేళ్లు ఆగి, ఆ తర్వాత బతికినంత కాలం పెన్షన్ తీసుకునే పాలసీ. ఎవరైనా తీసుకోబోతుంటే ఒక్క పది నిమిషాలు ఆగండి. నేను మూడు ప్రీమియంలు కట్టాక గానీ కళ్లు తెరవలేదు.

మాది తణుకు, మందుల షాపు. పీఎఫ్ లేదు, పెన్షన్ ఊసే లేదు. 45 ఏళ్లప్పుడు మా షాపు ఖాతా ఉన్న బ్యాంకులో ఒక కుర్రాడు కూర్చోబెట్టి, డిపాజిట్ స్లిప్పు వెనకాల రాసి చూపించాడు. "ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కట్టండి సార్. 60 దాటాక ఏటా లక్ష పెన్షన్. 80 దాకా ఉన్నారనుకున్నా 20 లక్షలు. మీ తర్వాత మేడమ్‌గారికి మీ 10 లక్షలు తిరిగి ఇస్తారు. 10 కట్టి 30 తీసుకుంటున్నారు, ఇంకేం కావాలి?" నాకూ ఇంకేం కావాలో తోచలేదు. సంతకం పెట్టాను.

అతను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. బాండులోనూ అవే అంకెలు ఉన్నాయి. మోసమంతా కూడికలో ఉంది.

మా షాపుకి బీపీ మాత్రల కోసం వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారు బాండు తిరగేసి ఒకటే అడిగారు. "ఏ తేదీకి కట్టావయ్యా ఈ లెక్క?" 45లో కట్టిన లక్ష, 61లో వచ్చే లక్ష, 80 తర్వాత వచ్చే 10 లక్షలు, వీటిని అలాగే పక్కపక్కన పెట్టి కూడకూడదట. ఒక తేదీ ఎంచుకోవాలి. దానికి ముందు కట్టినదాన్ని వడ్డీతో ఆ తేదీ దాకా పెంచాలి, తర్వాత వచ్చేదాన్ని అదే వడ్డీతో ఆ తేదీకి తగ్గించాలి. అప్పుడే రెండూ ఒకే తక్కెడలోకి వస్తాయి. నేను 60 నిండే రోజు ఎంచుకున్నాను. వడ్డీ 7 శాతం పెట్టాను, ఎందుకంటే పీపీఎఫ్‌లో 2020 ఏప్రిల్ నుంచి 7.1 ఇస్తున్నారు. ఆకాశంలోని అంకె కాదు.

ముందు కట్టే వైపు. 45 నుంచి 54 దాకా ఏటా మొదట్లో లక్ష. అవన్నీ 55 నిండేసరికి 14.78 లక్షలవుతాయి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, నేనూ ఆగిపోయాను. కట్టడం అయిపోయింది కదా అనుకుంటాం. కానీ పెన్షన్ మొదలవడానికి ఇంకో అయిదేళ్లు ఉంది. ఆ అయిదేళ్లు డబ్బు కంపెనీ దగ్గరే ఉంటుంది, మనకి రూపాయి రాదు. ఆ వడ్డీ కూడా వేస్తే 60 నాటికి 20.73 లక్షలు. కట్టడం ఆపిన రోజుకీ పెన్షన్ మొదలయ్యే రోజుకీ మధ్య ఒక్క రూపాయి కట్టకుండానే దాదాపు 6 లక్షల తేడా. "వెయిటింగ్ పీరియడ్ అంతే సార్" అని అతను ఒక్క ముక్కలో దాటేసింది దీన్నే.

ఇప్పుడు వచ్చే వైపు. పెన్షన్ ఏడాది చివర ఇస్తారు, కాబట్టి మొదటి లక్ష చేతికొచ్చేది 61 నిండాక (ఇదీ బాండు చదివాకే తెలిసింది). 80 దాకా వచ్చే 20 లక్షల విలువ 60 నాటికి 10.59 లక్షలు. 80లో ఇంట్లోవాళ్లకి వచ్చే 10 లక్షల విలువ అదే తేదీకి 2.58 లక్షలే. మొత్తం 13.18 లక్షలు. అంటే 20.73 ఇచ్చి 13.18 తీసుకోవడం.

నమ్మకం లేకపోతే ఎక్సెల్‌లో మీరే కొట్టి చూడండి:

```
=FV(7%,10,-100000,0,1)*1.07^5
=PV(7%,20,-100000,-1000000)
```

మొదటిది కట్టేది, రెండోది వచ్చేది. మొదటి దాని చివర ఉన్న 1 ఏడాది మొదట్లో కడుతున్నామని చెప్పడానికి. అది మర్చిపోతే ఒక ఏడాది వడ్డీ ఎగిరిపోతుంది.

"ఎక్కువ కాలం బతికితే లాభమే కదా" అని మా బావమరిది అన్నాడు. 20 బదులు 30 పెట్టి చూశాం. 90 దాకా బతికినా 13.72 లక్షలే. అసలు చావే లేకుండా చిరంజీవిలా ఏటా లక్ష తీసుకుంటూ పోయినా దాని విలువ 14.29 లక్షలు దాటదు, ఎందుకంటే 7 శాతంలో ఏటా లక్ష ఇచ్చే అసలు అంతే. అటువైపు నా 20.73 లక్షలు నా దగ్గరే 7 శాతంలో ఉంటే ఏటా 1.45 లక్షలు వస్తాయి, అసలు కదలదు.

60 కాకుండా వేరే తేదీ తీసుకుంటే లెక్క మారుతుందా అని నాకూ అనుమానం వచ్చింది. సంతకం పెట్టిన రోజుకే లెక్కేస్తే కట్టేది 7.52 లక్షలు, వచ్చేది 4.78 లక్షలు. అంకెలు తగ్గాయి గానీ నిష్పత్తి అదే: రూపాయి ఇచ్చి 64 పైసలు. రెండు వైపులనూ ఒకే తేదీకి తేవాలి, అంతే. కట్టినదాన్ని 55లో ఆపి వచ్చేదాన్ని 60కి తెస్తే 14.78కి 13.18 అని కనిపిస్తుంది, పర్వాలేదులే అనిపిస్తుంది. నా మొదటి లెక్క అదే.

వడ్డీ తగ్గించి చూస్తే 80 దాకా బతికే లెక్కలో రెండు వైపులా సమానమయ్యేది 4.8 శాతం దగ్గర. అంటే నాకు నిజంగా గిట్టేది అది. స్లిప్పు మీద మాత్రం "10 లక్షలకి ఏటా లక్ష, 10 శాతం" అని గుండ్రంగా రాసుంది. బ్యాంకు వడ్డీలు 4 శాతానికి పడిపోయి అక్కడే ఉండిపోతాయని నమ్మేవాళ్లకి, చేతిలో డబ్బు నిలవనివాళ్లకి ఈ పాలసీ పనికొస్తుందేమో. నేను ఆ రెండు రకాలూ కాదు. పెన్షన్ మీద ఆదాయపు పన్ను కూడా ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇక నా సంగతి. 48 నిండాయి, నాలుగో ప్రీమియం కట్టాల్సిన సమయం. సరెండర్ చేస్తే కట్టిన 3 లక్షలకి 1.80 లక్షలు ఇస్తామన్నారు. గుండె గుభేలుమంది, అంత పోగొట్టుకునే బదులు కట్టేద్దామా అనిపించింది. మాస్టారు మళ్లీ తేదీ అడిగారు. ఈసారి ఇవాళ్టి తేదీ. మిగిలిన ఏడు ప్రీమియంల విలువ ఇవాళ 5.77 లక్షలు, వదులుకునే సరెండర్ 1.80, వెరసి 7.57. పెన్షన్ అంతటి విలువ ఇవాళ 5.85. పోయిన 3 లక్షలు ఈ లెక్కలోకి రానే రావు. కొనసాగిస్తే ఇంకో 1.72 లక్షలు నష్టం. ఇక కట్టకుండా పెయిడప్‌గా వదిలేస్తే ఏటా 30 వేలు, చివర 3 లక్షలు. దాని విలువ 1.76 లక్షలు, సరెండర్‌కి దగ్గర్లోనే ఉంది. నేను సరెండర్ కాగితం ఇచ్చేశాను.

బాండు ఈమధ్యే అందినవాళ్లకి మాత్రం ఇంకా దారి ఉంది. 2024 నుంచి ఫ్రీ లుక్ గడువు 30 రోజులు. ఆ లోపు పాలసీ వద్దని రాసిస్తే స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్షల ఖర్చు, బీమా రక్షణ ఉన్న రోజుల చార్జీ మినహాయించి డబ్బు తిరిగి ఇవ్వాలి. ఆ 30 రోజులు బాండు చేతికందిన రోజు నుంచి లెక్క, కాబట్టి కవరు మీద తేదీ పారేయకండి. నాది మాస్టారికి చూపించేదాకా మూడేళ్లపాటు షాపు బీరువాలో, కవరు కూడా విప్పకుండా ఉండిపోయింది.