జాగ్రత్త: ఈ ప్రశ్న నిధిలో శ్రేణి, సమాంతర సూత్రాలు తారుమారయ్యాయి

పదో తరగతికీ పాలిసెట్‌కూ పనికొస్తుందని అట్టమీద రాసిన ఒక భౌతికశాస్త్రం ప్రశ్న నిధి ఈ మధ్య నల్లగొండ, మిర్యాలగూడ దుకాణాల్లో కనిపిస్తోంది. మా అన్నయ్య కూతురి కోసం నేనూ ఒకటి కొన్నాను. అందులో విద్యుత్ ప్రవాహం అధ్యాయం మొదట్లోనే సూత్రాల పట్టిక ఉంది. ఆ పట్టికలో శ్రేణి సంధానం ఎదురుగా సమాంతర సంధానం సూత్రం, సమాంతర సంధానం ఎదురుగా శ్రేణి సంధానం సూత్రం అచ్చయ్యాయి. అచ్చుతప్పు అంతటితో ఆగితే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. ఆ తప్పు పట్టికనే పట్టుకుని లెక్కలు చేశారు, జవాబులు ఇచ్చారు. ఆ జవాబులు చూడటానికి ఎంత సబబుగా ఉన్నాయంటే, తరగతిలో బాగా చదివే పిల్లలు కూడా తమ లెక్కే తప్పనుకుని కొట్టేసుకుంటున్నారు.

పుస్తకం పేరు, ప్రచురణకర్త పేరు ఇక్కడ రాయడం లేదు. పేరుతో పని లేకుండా దుకాణంలో నిలబడి పట్టుకోగలిగే గుర్తులు కింద చెబుతున్నాను. పాత పుస్తకం చూసి కొత్తది తయారుచేసే అలవాటు మన దగ్గర ఉన్నదే కాబట్టి ఇదే తప్పు వేరే అట్ట కింద కూడా ఉండవచ్చు.

మొదట సరైన సూత్రాలు. నిరోధాలను శ్రేణిలో కలిపితే R = R₁ + R₂. సమాంతరంగా కలిపితే 1/R = 1/R₁ + 1/R₂. పాఠ్యపుస్తకంలో ఉన్నవి ఇవే.

ఇక ఆ పుస్తకంలోని లెక్క. 4 ఓంల నిరోధాలు రెండింటిని సమాంతరంగా కలిపారు. ఆ జతకు 8 ఓంల నిరోధాన్ని శ్రేణిలో కలిపి, మొత్తాన్ని 20 వోల్టుల బ్యాటరీకి తగిలించారు. బ్యాటరీ నుంచి ఎంత విద్యుత్ ప్రవహిస్తుంది? ఇచ్చిన నాలుగు ఐచ్ఛికాలు 1.25, 2, 5, 12.5 ఆంపియర్లు. జవాబు 5 ఆంపియర్లని వెనక పేజీలో ఉంది.

వాళ్ల సాధన ఇలా సాగుతుంది. సమాంతరంగా ఉన్న రెండు 4 ఓంలు కలిపితే 8 ఓంలు. ఈ 8కీ, శ్రేణిలో ఉన్న 8కీ 1/R = 1/8 + 1/8 వేస్తే R = 4 ఓంలు. 20ని 4తో భాగిస్తే 5 ఆంపియర్లు. కింద "సరిచూచుట" అని ఒక వరుస కూడా ఉంది: 5 × 4 = 20, కాబట్టి జవాబు సరైనదే అని.

ఎక్కడా దశాంశం రాలేదు, భిన్నం మిగల్లేదు, ఐచ్ఛికాల్లో ఆ అంకె ఉంది, సరిచూడటం కూడా అయిపోయింది. పిల్లలు ఇంకేం అనుమానిస్తారు? కానీ ఆ సరిచూడటం ఒట్టి కంటితుడుపు. 20ని 4తో భాగించి వచ్చిన 5ని మళ్లీ 4తో గుణిస్తే 20 రాక ఏం వస్తుంది? R విలువ ఎంత తప్పుగా వేసినా ఆ పరీక్ష నెగ్గుతుంది. అది భాగహారాన్ని సరిచూస్తుందే తప్ప వలయాన్ని సరిచూడదు.

వలయాన్ని సరిచూడాలంటే లోపలికి వెళ్లి ఒక్కో నిరోధం దగ్గర వోల్టేజి చూడాలి. బ్యాటరీ నుంచి బయలుదేరిన విద్యుత్ అంతా 8 ఓంల నిరోధం గుండానే పోవాలి, దానికి వేరే దారి లేదు. 5 ఆంపియర్లు 8 ఓంల గుండా పోతే దాని చివరల మధ్య పొటెన్షియల్ భేదం 5 × 8 = 40 వోల్టులు. బ్యాటరీ ఇచ్చేదే 20 వోల్టులు! మిగతా 20 ఎక్కడి నుంచి వచ్చాయి? జవాబు తప్పని ఈ ఒక్క గుణకారం తేల్చేస్తుంది.

సరైన పద్ధతిలో చేస్తే సమాంతరంగా ఉన్న 4, 4 కలిసి 2 ఓంలవుతాయి. దానికి శ్రేణిలో 8 కలిపితే ఫలిత నిరోధం 10 ఓంలు, ప్రవాహం 2 ఆంపియర్లు. 8 ఓంల దగ్గర 16 వోల్టులు, జత దగ్గర 4 వోల్టులు, రెండూ కలిపితే 20. 4 ఓంల నిరోధాలు ఒక్కోదాని గుండా 1 ఆంపియర్ పోతుంది, రెండు పాయలూ కలిస్తే మళ్లీ 2. ఎటునుంచి చూసినా లెక్క కుదురుతుంది.

ఇచ్చిన ఐచ్ఛికాలను గమనించండి. మూడింటినీ శ్రేణిలో కలిపినట్టు పొరబడితే 1.25 వస్తుంది, మూడింటినీ సమాంతరంగా అనుకుంటే 12.5. సూత్రాలు తారుమారు చేస్తే 5. అంటే మొదట ఈ ప్రశ్నను తయారుచేసినవారు ఎవరో విషయం బాగా తెలిసినవారు, పిల్లలు చేసే తప్పులన్నీ ఊహించి ఐచ్ఛికాలుగా పెట్టారు. సాధన రాసినవారు సరిగ్గా వారు తవ్విన గోతిలోనే పడ్డారు.

ఇంత పెద్ద తప్పును ఎవరూ ఎందుకు పట్టుకోలేదన్న ప్రశ్న మీకూ వస్తుంది. నాకూ వచ్చింది. జవాబు అదే అధ్యాయంలోని మొదటి సాధించిన లెక్కలో దొరికింది. అందులో నాలుగు 10 ఓంల నిరోధాలున్నాయి. రెండేసి శ్రేణిలో కలిపి, ఆ రెండు వరుసలను సమాంతరంగా కలిపారు. సరిగ్గా చేస్తే ఒక్కో వరుస 20 ఓంలు, రెండు 20లు సమాంతరంగా 10 ఓంలు. తారుమారు సూత్రాలతో చేస్తే ఒక్కో వరుస 5 ఓంలు, 5 + 5 మళ్లీ 10 ఓంలే! రెండుసార్లు చేసిన తప్పు ఒకదాన్నొకటి కొట్టేసుకుంది. 10 ఓంలే కానక్కరలేదు, నాలుగూ సమానమైతే ఏ విలువకైనా ఇంతే. అచ్చుకు ముందు ఎవరైనా మొదటి లెక్క జవాబును పాఠ్యపుస్తకంతో పోల్చి, సరిపోయిందని ముందుకు పోయి ఉంటారని నా అనుమానం. కొనేవాళ్లు కూడా సాధారణంగా మొదటి లెక్కే చూస్తారు. కాబట్టి నాలుగు సమాన నిరోధాల లెక్కను చూసి ఏ పుస్తకాన్నీ నమ్మకండి.

అదే పటంలో విలువలు మార్చిన లెక్క రెండు పేజీల తర్వాత ఉంది. పై వరుసలో 10, 10 ఓంలు, కింది వరుసలో 30, 30 ఓంలు. పుస్తకం జవాబు 20 ఓంలు. సరైన జవాబు 15 ఓంలు, ఎందుకంటే వరుసలు 20, 60 ఓంలు, వాటి సమాంతర ఫలితం 1200ని 80తో భాగిస్తే వస్తుంది. మా అమ్మాయిని ఎక్కువ తికమకపెట్టింది ఈ లెక్కే. 15కూ 20కీ పెద్ద తేడా లేదు, రెండూ నమ్మదగ్గ అంకెలే. కానీ ఒక్కమాట ఆలోచిస్తే చాలు. పై వరుస ఒక్కటే ఉంటే నిరోధం 20 ఓంలు. దానికి పక్కన ఇంకో దారి తెరిచాక కూడా 20 ఓంలే ఎలా ఉంటుంది? చెరువుకు రెండో తూము, ఎంత చిన్నదైనా, తీశాక బయటికొచ్చే నీరు పెరగాల్సిందే. సమాంతర ఫలితం అందులోని అతి చిన్న నిరోధం కంటే తక్కువే ఉండాలి, దానికి సమానం కూడా కాకూడదు. శ్రేణిలో ఇందుకు తిరగబడుతుంది, ఫలితం అన్నింటికంటే పెద్దదాన్ని మించాలి. మొదటి లెక్కలో 8 ఓంలు శ్రేణిలో ఉండగా మొత్తం 4 ఓంలు అన్నప్పుడే పుస్తకం పక్కన పెట్టేయవచ్చు.

దుకాణదారుకు ఇదంతా చెప్పాను. మర్యాదస్తుడే, కానీ "సార్, అమ్మిన పుస్తకం వెనక్కి తీసుకోవడం లేదు, అచ్చుతప్పులు అన్నింట్లోనూ ఉంటాయి" అన్నాడు. పుస్తకం మీదున్న నంబరుకు ఫోను చేస్తే అవతలివారు ఇంకో అడుగు ముందుకేసి, ఇంటర్ పుస్తకంలో సమాంతరానికి కూడికే ఉంది చూసుకోమన్నారు. అక్కడే నాకు అసలు సంగతి అర్థమైంది. ఇంటర్ ద్వితీయ సంవత్సరంలో కెపాసిటర్ల పాఠం ఉంటుంది. కెపాసిటర్లను సమాంతరంగా కలిపితే కెపాసిటీలు కూడుతాయి, శ్రేణిలో కలిపితే విలోమాలు కూడుతాయి. నిరోధాలకు ఇది సరిగ్గా వ్యతిరేకం. ఆ పట్టికను తెచ్చి C ఉన్నచోట R పెట్టి ఉంటారు. పాలిసెట్ రాసే పిల్లలకు ఇంకా కెపాసిటర్లు తెలియవు కాబట్టి అది వేరే పాఠం పట్టిక అని వాళ్లు గుర్తించే అవకాశం లేదు.

మోటార్ల మరమ్మతు నా వృత్తి, మల్టీమీటరు చేతిలోనే ఉంటుంది. అమ్మాయికి నా మాట మీద కంటే అచ్చైన మాట మీద గురి ఎక్కువ కాబట్టి టీవీలు బాగుచేసే దుకాణం నుంచి 100 ఓంల రెసిస్టర్లు మూడు తెచ్చాను. గోధుమ, నలుపు, గోధుమ, చివర బంగారు రంగు పట్టీ ఉన్నవి. రెండింటి కాళ్లు పక్కపక్కన మెలిపెట్టి, మూడోదాన్ని వాటి చివరకు కలిపి, బ్యాటరీ ఏమీ లేకుండా మీటరును 200 ఓంల దగ్గర పెట్టి కొలిచాం. పాఠ్యపుస్తకం ప్రకారం 150 రావాలి, ఈ ప్రశ్న నిధి ప్రకారం సుమారు 67. మీటరు 149 దాటి ఊగిసలాడింది. బంగారు పట్టీ అంటే విలువ 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే 142 నుంచి 158 మధ్య ఏది చూపినా ఆశ్చర్యం లేదు, 67 మాత్రం ఏ రెసిస్టరు లోపం వల్లా రాదు. ఇంట్లో పిల్లలు పుస్తకానిదే పైచేయి అంటే ఇలా చేసి చూపించండి, మూడు రెసిస్టర్ల ఖర్చు ఒక టీకి మించదు.

కొనబోయేవాళ్లు దుకాణంలోనే విద్యుత్ ప్రవాహం అధ్యాయం తీసి, శ్రేణి, సమాంతరం రెండూ కలిసిన లెక్క ఒకటి వెతకండి. అందులో నిరోధాలన్నీ సమానంగా ఉన్న నాలుగింటి లెక్క వద్దు. శ్రేణిలో ఒంటరిగా ఉన్న నిరోధం కంటే మొత్తం జవాబు తక్కువ వచ్చిందంటే ఆ పుస్తకం ఇదే, లేదా దీని తోబుట్టువు.

ఇప్పటికే కొన్నవాళ్లు పుస్తకం మొత్తం పారేయనక్కరలేదు. కాంతి, ఉష్ణం అధ్యాయాలు నేను చూసినంతవరకు బాగానే ఉన్నాయి. విద్యుత్ అధ్యాయంలో పట్టికను కొట్టేసి సరైన సూత్రాలు రాయండి. ఒక్క నిరోధం మీద ఓం నియమం, విద్యుత్ సామర్థ్యం లెక్కలకు ఈ తప్పు అంటలేదు. రెండు, అంతకంటే ఎక్కువ నిరోధాలు కలిసిన ప్రతి లెక్కనూ మాత్రం జవాబుల పేజీ చూడకుండా మళ్లీ చేయించండి. చివరి నమూనా పరీక్షలోనూ ఇలాంటివి ఉన్నాయి, వాటి జవాబులు కూడా అదే పట్టిక ప్రకారం ఇచ్చారు.