జాగ్రత్త: ఫారెక్స్ కార్డు స్టేట్‌మెంట్‌లో కనిపించని నష్టాలు ఇవే

యూరప్ వెళ్లే ముందు ఫారెక్స్ కార్డు తీసుకునేవాళ్లు ఇది చదివి బయల్దేరండి. వెళ్లి వచ్చినవాళ్లయితే కార్డును బీరువాలో పడేసే ముందు చదవండి. మా అక్కయ్య, బావగారు పోయిన ఏడాది పారిస్, స్విట్జర్లాండ్ తిరిగొచ్చారు. వాళ్ల కార్డు లెక్క నేను కూర్చుని చూశాను. "జీరో కమిషన్" అని అమ్మిన కార్డు అది. కమిషన్ పేరుతో నిజంగానే ఒక్క రూపాయి తీసుకోలేదు. డబ్బు వేరే దారుల్లో పోయింది. అమ్మిన షాపు పేరు, బ్యాంకు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క షాపుతో పోయే జబ్బు కాదు.

ముందు ఒక విషయం. కార్డు స్టేట్‌మెంట్‌లో లోడ్, కోత లెక్కలన్నీ యూరోల్లోనే ఉంటాయి. మొదటి లైనులో "లోడ్ 3,000.00" అని ఉంటుంది. ఆ మూడు వేల యూరోలకు మీరు ఎన్ని రూపాయలు ఇచ్చారో అందులో ఎక్కడా ఉండదు. అది షాపు ఇచ్చిన ఇన్వాయిస్‌లో ఉంటుంది. ఆ కాగితం పారేస్తే అసలు పెద్ద నష్టం ఎక్కడ జరిగిందో ఎప్పటికీ తెలియదు.

బావగారి ఇన్వాయిస్‌లో యూరో రేటు 105.10. మొత్తం రూ. 3,15,300. ఆ రోజు మార్కెట్ రేటు 102.40 ఉంది. పని దినాల్లో ఎఫ్‌బిఐఎల్ సంస్థ డాలర్, యూరో, పౌండ్, యెన్‌లకు రిఫరెన్స్ రేటు ప్రకటిస్తుంది, పాత తేదీల రేట్లు కూడా చూసుకోవచ్చు. ఆ రేటుకు ఎవరూ మనకు అమ్మరు, అది నిజమే. షాపువాడు కొంత వేసుకోవాలి. కానీ యూరోకు 2.70 అంటే రెండున్నర శాతం దాటింది. మూడు వేల యూరోలకు రూ. 8,100. ఇదే అసలు కమిషన్, పేరు మాత్రం లేదు.

అంతకన్నా కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. అదే రోజు ఉదయం వాట్సాప్‌లో షాపువాళ్లు చెప్పిన రేటు 103.60. సాయంత్రం బిల్లులో 105.10 అయింది. అడిగితే "లైవ్ రేటు సార్, మారిపోయింది" అన్నారు. ఆ రోజంతా మార్కెట్‌లో యూరో కదిలింది పాతిక పైసల లోపే. రూపాయిన్నర ఎలా మారుతుంది? మెసేజ్‌లో చెప్పిన రేటు ఎంతసేపు చెల్లుతుందో, డబ్బు కట్టగానే బుక్ అవుతుందా లేదా అన్నది ముందే రాతలో అడగండి. బుక్ చేశామని మెసేజ్ వచ్చాకే డబ్బు పంపండి.

బిల్లులో జీఎస్టీ రూ. 373.77 ఉంది. అది మాత్రం సరిగానే ఉంది. జీఎస్టీ పద్దెనిమిది శాతం మీరిచ్చిన మొత్తం డబ్బు మీద పడదు. లక్ష నుంచి పది లక్షల లోపు మార్పిడికి, లక్ష దాటిన మొత్తంలో అర శాతానికి వెయ్యి కలిపి, వచ్చిన దాని మీద పడుతుంది. ఇక్కడ అది రూ. 2,076.50, దాని మీద పద్దెనిమిది శాతం. మీ బిల్లులో ఇంతకన్నా బాగా ఎక్కువ కనిపిస్తే అది పన్ను కాదు, పన్ను పక్కన ఇంకేదో కలిపారు.

ఇక మార్కప్, అంటే కార్డులో లేని కరెన్సీలో గీకినప్పుడు మార్పిడి మీద బ్యాంకు వేసుకునే అదనపు శాతం. షాపులో కుర్రాడు "యూరప్ అంతా యూరోనే సార్, ఒక్కటే లోడ్ చేయించుకోండి" అన్నాడట. స్విట్జర్లాండ్‌లో నడిచేది స్విస్ ఫ్రాంకు. ఆ కార్డులో ఫ్రాంకులకు విడిగా వాలెట్ ఉంది కూడా, కానీ దాంట్లో పైసా లేదు. కాబట్టి అక్కడ గీకిన ప్రతిసారీ ఫ్రాంకులను యూరోల్లోకి మార్చి, దాని మీద మూడున్నర శాతం మార్కప్ వేసి కోశారు. స్టేట్‌మెంట్‌లో మార్కప్ అని వేరే లైను ఉండదు. కలిపేసిన అంకె ఒక్కటే కనిపిస్తుంది.

దాన్ని విడదీయడం కష్టమేం కాదు. రైలు పాసుల లైను చూడండి: లావాదేవీ 240 ఫ్రాంకులు, కార్డు నుంచి కోసింది 265.79 యూరోలు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటి సైట్లలోనూ ఏ తేదీన ఏ రేటో చూపించే కాలిక్యులేటర్ ఉంటుంది. బ్యాంకు ఫీజు గడిలో సున్నా పెడితే నెట్‌వర్క్ రేటు 1.07 వచ్చింది. అంటే 256.80 యూరోలు. పైన పడ్డ 8.99 యూరోలు మార్కప్, అంటే మూడున్నర శాతం. కార్డు గీకిన తేదీ పెట్టి రేటు కలవకపోతే, పోస్టింగ్ తేదీ, అంటే ఆ లావాదేవీ లెక్కలోకి ఎక్కిన తేదీ పెట్టి చూడండి. చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది. రెండు తేదీలకూ కలవకపోతే, లేదా శాతం మీకిచ్చిన ఫీజుల పట్టికను దాటితే, అప్పుడు బ్యాంకుకు రాయండి.

ఇంకో చిన్న మెలిక. ఫ్రాంకులు నడిచే ఊళ్లో కొన్నప్పుడు లావాదేవీ కరెన్సీ గడిలో ఫ్రాంకులే ఉండాలి. అక్కడ యూరోలో రూపాయలో కనిపించాయంటే, షాపు మెషీనే తన రేటుకు మార్చేసింది. యూరోల్లో మారిస్తే బ్యాంకు మార్కప్ పడదు కాబట్టి ఆ లైను చాలా శుభ్రంగా కనిపిస్తుంది, నష్టం షాపు వేసిన రేటులో దాగి ఉంటుంది. మెషీన్ ఏ కరెన్సీ అని అడిగితే ఆ దేశపు కరెన్సీయే నొక్కాలి.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మాత్రం వెనక్కి వచ్చిన డబ్బు లెక్క.

ఇంటర్లాకెన్‌లో హోటల్‌వాళ్లు డిపాజిట్ కింద 300 ఫ్రాంకులు తీసుకున్నారు, గది ఖాళీ చేశాక మొత్తం తిరిగిచ్చారు. కార్డులో చూస్తే వెళ్లింది 332.24 యూరోలు, వచ్చింది 318.00. హోటల్‌వాళ్లు ఒక్క ఫ్రాంకు కూడా ఉంచుకోలేదు, అయినా 14.24 యూరోలు పోయాయి. మన లెక్కలో దాదాపు పదిహేను వందలు.

ఎందుకంటే ఆ హోటల్ డబ్బును హోల్డ్‌లో పెట్టలేదు, అమ్మకం కింద వసూలు చేసింది. హోల్డ్ అయితే డబ్బు కదలదు, పక్కన పెట్టి ఉంటుంది. వదిలేయగానే అదే అంకె బ్యాలెన్స్‌లో తిరిగి కలుస్తుంది. వసూలు చేసి తర్వాత రీఫండ్ ఇస్తే మాత్రం అవి రెండు వేర్వేరు లావాదేవీలు, రెండు వేర్వేరు రోజుల రేట్లు. వెళ్లేటప్పుడు 1.07తో పాటు మార్కప్ పడింది. వచ్చేటప్పుడు రేటు 1.06, మార్కప్ తిరిగి రాలేదు. బ్యాంకును అడిగితే నిబంధనల్లో ఉందని చూపించారు. ఉంది, నేనూ చదివాను. కాబట్టి చేయగలిగిందల్లా చెక్ ఇన్ అప్పుడే "ఇది ప్రీ ఆథరైజేషనా, చార్జా", అంటే హోల్డా, వసూలా అని అడగడం. క్రెడిట్ కార్డు ఉంటే డిపాజిట్‌కు అది చూపించడం మంచిది.

రెండోది ఇంకా తమాషాగా ఉంది. ఒక స్టేషన్‌లో టికెట్ మెషీన్ 64 ఫ్రాంకులు తీసుకుని టికెట్ ఇవ్వకుండా ఆగిపోయింది. పక్క మెషీన్‌లో మళ్లీ కొన్నారు. పీడీఎఫ్ స్టేట్‌మెంట్‌లో 70.88 యూరోల లైను ఒక్కటే ఉంది. "చూశావా, రెండోది పడలేదు" అని బావగారు నిశ్చింతగా ఉన్నారు. కానీ పీడీఎఫ్‌లో సెటిల్ అయినవే, అంటే అమ్మినవాళ్లకు డబ్బు చేరడం పూర్తయినవే వస్తాయి. హోల్డ్‌లో ఇరుక్కున్నవి రావు.

దీన్ని పట్టుకోవడానికి చేసింది కూడిక, తీసివేత అంతే. లోడ్ 3,000. యూరోల్లో పెట్టిన ఖర్చులు 1,905. రైలు పాసులు 265.79, డిపాజిట్ 332.24, టికెట్ 70.88. ఇవన్నీ తీసేసి, తిరిగొచ్చిన 318 కలిపితే 744.09 ఉండాలి. యాప్‌లో వాడుకోగల బ్యాలెన్స్ 673.21 చూపిస్తోంది. తేడా సరిగ్గా 70.88. మొదటి మెషీన్ డబ్బు అక్కడే వేలాడుతోంది.

బ్యాంకుకు మెయిల్ పెట్టేటప్పుడు "డబ్బు రాలేదు" అని రాస్తే, వారం తర్వాత "మీ సమస్య పరిశీలనలో ఉంది" అని జవాబొస్తుంది. తేదీ, మొత్తం, ఆథరైజేషన్ కోడ్, మెషీన్ ఇచ్చిన ఫెయిల్ స్లిప్ ఫోటో పెట్టి, "ఈ హోల్డ్‌ను సెటిల్‌మెంట్ రాలేదు కాబట్టి విడుదల చేయండి" అని రాయండి. కోడ్ ఎస్సెమ్మెస్‌లోనో యాప్‌లోనో లేకపోతే కస్టమర్ కేర్‌వాళ్లు చెప్తారు. షాపు రీఫండ్ పంపామంటున్నా కార్డులో పడకపోతే, షాపు దగ్గర ఏఆర్‌ఎన్ అనే 23 అంకెల నంబరు తీసుకుని బ్యాంకుకు ఇవ్వాలి. ఫెయిలైన లావాదేవీకి ఇన్ని రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి, లేదంటే రోజుకు వంద కట్టాలి అన్న ఆర్‌బీఐ నిబంధన దేశంలోపలి లావాదేవీలకే. దాన్ని ఇక్కడ చూపించి లాభం లేదు.

మిగిలిన డబ్బు దగ్గర ఇంకో పేచీ. వెనక్కి అమ్ముతామంటే షాపువాళ్లు "హోల్డ్ ఉంది కదా సార్, అది తేలేదాకా 45 రోజులు ఆగాలి, తర్వాత మొత్తం ఒకేసారి ఇస్తాం" అన్నారు. ఇది తప్పు. అడిగిన వెంటనే మిగిలిన బ్యాలెన్స్ ఇవ్వాలని ఆర్‌బీఐ చెప్పింది. సెటిల్ కాని లావాదేవీల మొత్తం, దారిలో ఉన్న లావాదేవీల కోసం 100 డాలర్లు మించని చిన్న మొత్తం, ఇక్కడ కట్టాల్సిన చార్జీలు, ఇవి మాత్రమే ఆపుకోవచ్చు. ఆరువందల పైచిలుకు యూరోలను 70 యూరోల కోసం ఆపే హక్కు లేదు. ఇదే మాట మెయిల్‌లో రాస్తే మర్నాడే ఫోనొచ్చింది.

అమ్మే రేటు కూడా అడిగి తెలుసుకోండి. షాపు 98.20 అంది, కార్డు జారీ చేసిన బ్యాంకు శాఖ 100.10 ఇచ్చింది. ఆ రోజు మార్కెట్ 101.80. కొన్ని కార్డులను అమ్మినచోటే తిరిగివ్వాలంటారు, కొనేముందే అది కనుక్కోవాలి. మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే ఉంచుకోవచ్చు గానీ, తిరిగొచ్చిన 180 రోజుల్లో మిగిలిన విదేశీ డబ్బు అప్పగించాలన్నది విదేశీ మారకపు చట్టం ఫెమా నిబంధన, 2,000 డాలర్ల దాకా ఉంచుకోవడానికి మినహాయింపు ఉంది. దానికన్నా ముందు, వాడని కార్డుకు ఇన్ని నెలల తర్వాత ఇంత అని ఫీజు ఉందేమో పట్టికలో చూడండి.

బావగారి లెక్క ఇప్పుడు ఎక్కడుందంటే: 70.88 విడుదలైంది, మిగిలిన డబ్బూ ఖాతాలో పడింది. ఆపుకున్న చిన్న మొత్తం మాత్రం దానంతట అది రాలేదు, గుర్తుచేస్తే వచ్చింది. హోటల్ తేడా పోయినట్టే. రూపాయిన్నర రేటు తేడా, అంటే రూ. 4,500 మీద వాట్సాప్ స్క్రీన్‌షాట్‌తో రాసిన ఫిర్యాదుకు షాపు సగం ఇస్తామంటోంది, మేం ఒప్పుకోలేదు. బ్యాంకు మీద ఫిర్యాదు ఉండి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు పెట్టవచ్చు. ఇన్వాయిస్, స్టేట్‌మెంట్, మెయిళ్లు మూడూ ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోండి, అక్కడ అవే అడుగుతారు.