అలెప్పీ నుంచి కొట్టాయానికి: నేరుగా బోటా, ముహమ్మ మీదుగానా?

విశాఖ, రాజమండ్రి, విజయవాడల మీదుగా వెళ్లే ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్‌లో అలెప్పీ దిగి, తిరుగు ప్రయాణానికి కొట్టాయంలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కే తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. ఈ రెండు ఊళ్ల మధ్య వేంబనాడు సరస్సు ఉంది. బస్సులో గంటన్నర, రెండు గంటల్లో కొట్టాయం చేరిపోవచ్చు. అంత దూరం వెళ్లి నీళ్ల మీద ప్రయాణం చేయకుండా రావడమెందుకు అనుకునేవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, అలెప్పీలో ఎక్కి నేరుగా కొట్టాయంలో దిగే బోటు. రెండోది, రోడ్డు మీద ముహమ్మ దాకా వెళ్లి, అక్కడి రేవులో బోటెక్కి అవతలి ఒడ్డున కుమరకోంలో దిగి, మళ్లీ బస్సు పట్టుకోవడం. రెండూ కేరళ ప్రభుత్వ జలరవాణా శాఖ బోట్లే. టికెట్టు యాభై రూపాయలు దాటదు కాబట్టి డబ్బు లెక్క పక్కన పెట్టేయొచ్చు. తేలాల్సిందల్లా టైము లెక్కే.

చాలామంది టైము పట్టికలో చూసేది ప్రయాణం ఎంతసేపు అన్నది. నేరుగా వెళ్లే బోటుకు సుమారు రెండున్నర గంటలు. ముహమ్మ దారిలో అలెప్పీ నుంచి బస్సు ముప్పావుగంట, బోటు నలభై నిమిషాలు, కుమరకోం నుంచి కొట్టాయానికి ఇంకో ముప్పావుగంట. మధ్యలో ఎదురుచూపులు కలిపితే ఇదీ రెండున్నర, మూడు గంటలే. ఇలా చూస్తే రెండూ ఒకటేగా అనిపిస్తుంది. నేనైతే ముందు చూసేది ఒక బోటుకీ దాని తర్వాతి బోటుకీ మధ్య ఎంత ఖాళీ ఉందని. నేరుగా వెళ్లేవి రోజు మొత్తానికి కొన్నే ఉంటాయి, ఒకటి తప్పితే రెండు మూడు గంటలు రేవులో కూర్చోవాల్సిందే. ముహమ్మలో బోట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకటి పోయినా మామూలుగా గంటలోపు ఇంకోటి దొరుకుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. మధ్యాహ్నం పన్నెండుకు మీ రైలు అలెప్పీ చేరింది. రేవులో బోర్డు మీద కొట్టాయం బోట్లు పదకొండున్నరకి, రెండున్నరకి, ఆపైన సాయంత్రం ఐదు దాటాక అని ఉన్నాయనుకుందాం. స్టేషన్ నుంచి రేవు నాలుగు కిలోమీటర్లు, ఆటోలో పావుగంట, ఇరవై నిమిషాలు. తాపీగా భోంచేసి రెండుంపావుకి ఎక్కి కూర్చుంటే ఐదింటికి కొట్టాయం. అదే రైలు రెండు గంటలు లేటయి రెండింటికి వచ్చిందంటే లెక్క మారిపోతుంది. పరుగెత్తుకెళ్లి రెండున్నర బోటు అందుకుంటే సరే, అందకపోతే ఐదు దాటాక బోటెక్కి రాత్రి ఎనిమిదికి దిగాలి. ముహమ్మ దారిలో అదే రెండింటికి రైలు దిగి బస్సెక్కినా మూడు, మూడుంపావుకల్లా రేవులో ఉంటారు, ఆరు లోపు కొట్టాయంలో ఉంటారు. అందుకే రైలు ఎప్పుడొస్తుందో నమ్మకం లేని రోజున నా ఓటు ముహమ్మకే.

అలెప్పీలో రేవు పేరు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. పెద్ద సంచులతో దిగిన కొత్తవాళ్లు ‘బోటు’ అనగానే ఆటో అతను హౌస్‌బోట్లు ఆగే పున్నమడ వైపు తీసుకెళ్లే ప్రమాదం ఉంది. మనకు కావాల్సింది బస్టాండు దగ్గర కాలువ మీద ఉన్న జలరవాణా శాఖ బోటు జెట్టీ. ఆ మాటే స్పష్టంగా చెప్పాలి. బోర్డులో టూరిస్టు బోట్ల టైములు కూడా ఉంటాయి. అవి సరస్సంతా తిప్పి మళ్లీ అలెప్పీలోనే దింపుతాయి. కాబట్టి టైము ఒక్కటే చూసుకుంటే చాలదు, ఆ వరుసలో చివరి ఊరు ఏదో కూడా చదవాలి.

ఆ చివరి ఊరి దగ్గరే నేరుగా వెళ్లే బోటుకు అసలు చిక్కు. సరస్సు దాటాక ఆ బోటు ఒక సన్నటి కాలువలోకి మళ్లి కొట్టాయం ఊరి అంచున కోడిమత రేవుకు చేరాలి. ఆ కాలువ మీద, బోటు వచ్చినప్పుడు పైకెత్తే చిన్న వంతెనలున్నాయి. వాటిలో ఒకటి చెడినా, కాలువలో గుర్రపుడెక్క కమ్ముకున్నా బోటు ముందుకు పోదు, కోడిమత కంటే ముందొచ్చే కాంజిరం రేవులోనే దింపేస్తారు. గుర్రపుడెక్క ఉప్పునీటికి చచ్చిపోతుంది. కానీ వరి పొలాల్లోకి ఉప్పునీరు రాకుండా డిసెంబర్ ప్రాంతంలో తన్నీర్ముక్కం దగ్గర సరస్సుకు అడ్డంగా ఉన్న కట్ట గేట్లు దించేస్తారు, అవి వేసవిలో గానీ లేవవు. అంటే సరిగ్గా మన అయ్యప్ప స్వాములు అటు వెళ్లే రోజుల్లో దాన్ని చంపే ఉప్పునీరు లోపలికి రాదు. టైము పట్టికలో ‘కొట్టాయం’ అని ఉన్నా సరే, ఎక్కేముందు కౌంటర్లో ఒక్క ప్రశ్న వేయండి: "ఈ రోజు కోడిమత దాకానా, కాంజిరం దాకానా?" పగటిపూట కాంజిరంలో దిగినా ఆటోలో కొట్టాయం పోవచ్చు. చీకటి పడ్డాక పిల్లలతో, సామాన్లతో అక్కడ దిగి ఆటో వెతుక్కోవడం టెన్షనే. సాయంత్రం బోటులో సూర్యాస్తమయం బాగుంటుందని చెబుతారు, నిజమే. అయినా కోడిమత దాకా పోతుందని తేలితే తప్ప ఆ బోటు ఎక్కమని నేను చెప్పను.

ముహమ్మ వైపు కూడా గుర్రపుడెక్క బెడద లేకపోలేదు, కుమరకోం కాలువ ముఖద్వారంలో అది పేరుకుంటుంది. తేడా ఏమిటంటే అక్కడ బోట్లు ఆగిపోయినా ముహమ్మ నుంచి ఉత్తరంగా వెళ్లి, తన్నీర్ముక్కం కట్ట మీదుగా సరస్సు దాటి, వెచ్చూరు మీదుగా రోడ్డునే కుమరకోం చేరొచ్చు. నేరుగా వెళ్లే బోటులో ఉన్నవాళ్లకు సరస్సు మధ్యలో మరో దారి ఉండదు.

రేవుకి ఎంత ముందు చేరాలి? పదిహేను నిమిషాలు చాలు, అయితే అది బోటు టైముకి కాదు, తాడు విప్పే టైముకి అనుకోండి. కళాసీ గుంజకున్న తాడు తీసి చేతిలో చుట్టుకుంటున్నాడంటే ఇక అయిపోయినట్టే. సరంగు గంట కొడతాడు, కింద ఇంజిను గొంతు మారుతుంది, బోటుకీ గట్టుకీ మధ్య అడుగు నీళ్లు కనిపిస్తాయి. అప్పుడు దూకొద్దు. నిండా జనంతో ఉన్న బోటులోకి ఎలాగోలా చొరబడొద్దు కూడా. 2002 జులై 27న ముహమ్మ నుంచి కుమరకోం వెళ్తున్న బోటు ఒడ్డు చేరబోతూ మునిగిపోయి 29 మంది చనిపోయారు. అందులో పరీక్ష రాయడానికి టైముకి చేరాలని ఎక్కినవాళ్లు ఎందరో ఉన్నారు. తర్వాతి బోటు గంటలోపే ఉండే దారిని ఎంచుకోమనడానికి నాకున్న అసలు కారణం ఇదే. కాసేపట్లో ఇంకోటి వస్తుందని తెలిస్తే నిండిన బోటును వదిలేయడం తేలిక.

ఇక నేరుగా వెళ్లే బోటుకు పూర్తి మార్కులు పడే రోజులూ ఉన్నాయి. రాత్రి అలెప్పీలోనే పడుకుని, పొద్దున్నే ఎక్కగలిగి, సాయంత్రం దాకా వేరే పని లేకపోతే అదే ఎక్కండి. నీటిమట్టం కంటే కిందున్న వరి పొలాలు, ఆర్ బ్లాక్ లాంటి సరస్సు దీవులు, గుమ్మం ముందు మెట్లే రేవుగా ఉన్న ఇళ్లు ఈ దారిలోనే దగ్గరగా కనిపిస్తాయి. ముహమ్మ బోటు ఎక్కువగా వెడల్పాటి నీళ్ల మీదే పోతుంది, దారిలో చెప్పుకోదగ్గది పాతిరామణల్ దీవి ఒక్కటే.

కొట్టాయం నుంచి అలెప్పీకి వచ్చేవాళ్లయితే కోడిమత రేవుకు పోయేముందే బోటు ఎక్కడ బయల్దేరుతోందో ఫోన్ చేసి కనుక్కోవాలి. కాంజిరం నుంచి అని చెబితే అక్కడికి ఆటోకు కనీసం అరగంట అదనంగా లెక్కేసుకోండి.